ఉలికిపాటుకు ఒక చిన్న వాక్యం

ఇంట్లో జరిగిన పెద్ద సంగతిని కాగితం మీద పెట్టాలని కూర్చున్నవాళ్ల కోసం ఈ అధ్యాయం. నాన్న గురించి సంస్మరణ సంచికకు నాలుగు పేజీలు రాస్తున్నవాళ్లు, నానమ్మ చెప్పిన కథను మనవల కోసం దాచిపెట్టాలనుకుంటున్నవాళ్లు, ప్రమాదంలోంచి బయటపడి ఆ రోజును రాయాలనుకుంటున్నవాళ్లు ఎంతోమంది. వాళ్లందరికీ ఒకేచోట కలం ఆగుతుంది. గుండె దడదడలాడిన క్షణం రాతలోకి వచ్చేసరికి చప్పగా ఉంటుంది. విషయం బలమైనదే, మాటలూ తెలిసినవే. లోపం ఎక్కువసార్లు వాక్యం పొడవులో ఉంటుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే పది వేల దరిదాపు జనం పోయారు. కృష్ణా డెల్టా చివరి పల్లెల్లో ఆ రాత్రి గురించి చెప్పుకోని ఇల్లు ఉండదు. అలాంటి ఒక ఇంటి కథను మనవడు రాస్తున్నాడనుకోండి. మనుషులు నేను కల్పించినవాళ్లు, ఉప్పెన నిజం. మొదటి ప్రయత్నం ఇలా వస్తుంది:

“1977 నవంబరు 19న సాయంత్రం గాలి భయంకరంగా పెరిగిపోయి పెంకులు లేచిపోతుండగా, గొడ్లను విప్పి వస్తానని సావిట్లోకి వెళ్లిన మా తాతయ్య, హఠాత్తుగా సముద్రపు ఉప్పెన ఊరి మీద విరుచుకుపడడంతో, ఆ నీటిలో కొట్టుకుపోయి మరణించడం జరిగింది.”

వ్యాకరణంలో తప్పు లేదు. కానీ ఇందులో రెండు పిడుగులున్నాయి, రెండూ పేలలేదు. నీళ్లు రావడం మొదటిది. అది ‘విరుచుకుపడడంతో’ అనే కారణంగా మారి వాక్యం మధ్యలో నలిగిపోయింది. మనిషి పోవడం రెండోది. అది ‘కొట్టుకుపోయి’ అని దారిలో దాటిపోయిన పనుల్లో ఒకటైంది. అన్నిటికంటే బలమైన చోటు వాక్యం చివర. అక్కడ ‘జరిగింది’ కూర్చుంది. ఆఫీసు నోటీసుల నుంచి మన రాతల్లోకి వచ్చిన ఈ ‘చేయడం జరిగింది’, ‘రావడం జరిగింది’ ఏ సంగతినైనా మనిషి చేతుల్లోంచి తీసి ఫైలులో పెట్టేస్తుంది. దుఃఖం రాసేటప్పుడు దీన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి.

చిన్న వాక్యాలు రాయమని ఎవరో చెప్పారు. మనవడు రెండో ప్రయత్నం చేశాడు:

“సాయంత్రమైంది. గాలి పెరిగింది. పెంకులు లేచాయి. తాతయ్య సావిట్లోకి వెళ్లాడు. ఉప్పెన వచ్చింది. తాతయ్య కొట్టుకుపోయాడు. నానమ్మ ఏడ్చింది.”

ఇదీ పనికిరాదు. సాయంత్రం కావడానికీ తాతయ్య పోవడానికీ ఒకే కొలత దక్కింది. అన్నీ చిన్నవే అయినప్పుడు ఏదీ చిన్నదిగా వినపడదు. చెవి ఏడు దెబ్బల్నీ ఒకేలా లెక్కపెట్టుకుని పోతుంది. చిన్న వాక్యానికి సొంతంగా బలం లేదు. దాని ముందున్న పొడుగు వాక్యమే దానికి బలం ఇస్తుంది. కాబట్టి ఉలికిపాటు రాయాలంటే ముందు నేర్చుకోవలసింది పొడుగు వాక్యం రాయడం.

ఈ విషయంలో తెలుగు మనకు మంచి పనిముట్టు ఇచ్చింది. బడిలో చదువుకున్న అసమాపక క్రియల్ని గుర్తు తెచ్చుకోండి. చేసి, తెచ్చి, మూసి అనేవి క్త్వార్థకాలు. పని అయిందని చెబుతాయి గానీ వాక్యాన్ని ముగించవు. వినేవాడు ‘ఊఁ, తర్వాత?’ అని ఎదురుచూస్తూనే ఉంటాడు. సమాపక క్రియ పడినప్పుడే వాడికి ఊపిరి తీసుకునే అనుమతి. ఇలాంటి క్రియల్ని ఎన్ని పేర్చినా తెలుగు వాక్యం కూలిపోదు. నిత్యం చేసే పనుల్ని, చేతుల హడావిడిని, తరుముకొస్తున్న గడియల్ని మోయడానికి దీనికి మించిన నిర్మాణం లేదు.

దీనిలోనే ఇంకో సంగతి ఉంది. క్త్వార్థకాల వరుసను మామూలుగా ఒకే కర్త నడపాలి. నానమ్మ దుప్పటి తెచ్చి, కప్పి, తలుపు మూసి అంటే మూడు పనులూ నానమ్మవే. వేరే కర్త వచ్చాడంటే ఆ వరుస తెగాలి, లేదా ‘వచ్చేసరికి’, ‘పడడంతో’ లాంటి అతుకు వెయ్యాలి. మనవడి మొదటి వాక్యంలో నీటిని లోపలికి లాగింది ఆ అతుకే. ఉలికిపాటు ఎప్పుడూ పరాయి కర్తే. మనం ఏదో చేసుకుంటూ ఉండగా బయటినుంచి వచ్చేది అది. దాన్ని మన వాక్యంలో అతికించకుండా తన వాక్యం తనకు ఇచ్చేస్తే, బతుకులో ఎలా అడ్డం వచ్చిందో వాక్యంలోనూ అలాగే అడ్డం వస్తుంది. ఇది తెలిశాక మూడో ప్రయత్నం చూడండి:

“చూరు పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే నానమ్మ పిల్లలిద్దర్నీ మంచం మీదికి చేర్చి, తడిసిన దుప్పటే పిండి వాళ్ల మీద కప్పి, బియ్యం డబ్బా అటకెక్కించి, గొడ్లను విప్పడానికి సావిట్లోకి వెళ్తున్న తాతయ్యను గుమ్మంలో ఆపి, కొత్త పలుపులు కదా కోసెయ్యొద్దు, ముడి విప్పమని మరీ మరీ చెప్పి, ఆయన వెనకే తలుపు మూసి, గడియ పడక రోకలి తెచ్చి అడ్డం పెడుతోంది.

నీళ్లొచ్చాయి.

వాన నీళ్లు కావు. ఉప్పగా ఉన్నాయి.”

మొదటి వాక్యంలో నానమ్మ చేసిన పనులు ఎనిమిది క్త్వార్థకాలుగా వరుసగా నడిచాయి. తొమ్మిదో పని ‘పెడుతోంది’ అని ముగిసింది. ‘పెట్టింది’ అనలేదు, గమనించండి. రోకలి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పని పూర్తి కాకముందే నీళ్లు వచ్చాయని మనం ఎక్కడా చెప్పనక్కర్లేదు, ఆ క్రియే చెప్పేసింది. పొడుగు వాక్యంలో ఉన్నవన్నీ చిన్న చిన్న సంగతులే. బియ్యం డబ్బా, కొత్త పలుపు, పడని గడియ. అక్కడ భయం అన్న మాట లేదు. ఆమెకు ఆ క్షణాన భయపడే తీరిక లేదు కాబట్టి.

తర్వాత వచ్చిన ‘నీళ్లొచ్చాయి’ ఒక్క మాట. దానికి ముందు ‘హఠాత్తుగా’ లేదు. ఈ తరహా మాటల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ‘ఒక్కసారిగా’, ‘ఇంతలోనే’, ‘అనుకోని విధంగా’, ‘అయితే విధి మరోలా తలచింది’, ‘పిడుగులాంటి వార్త’ అనేవి పత్రికల్లో చదివి చదివి మన చేతికి అలవాటైపోయాయి. ఇవన్నీ పాఠకుణ్ని ముందే హెచ్చరిస్తాయి. ఇప్పుడు ఉలిక్కిపడాలి సుమా అని చెప్పాక ఎవరూ ఉలిక్కిపడరు. ‘హఠాత్తుగా నీళ్లొచ్చాయి’ అని ఒకసారి, ‘నీళ్లొచ్చాయి’ అని ఒకసారి పైకి చదివి చూడండి. రెండోదానిలో నీళ్లు నిజంగానే ముందు వస్తాయి.

చిన్న వాక్యంలో ఏం ఉండాలన్నదానికి నేను నమ్మే కొలత ఒకటే. ఆ క్షణంలో ఆ మనిషికి ఎంత తెలిసిందో అంతే ఉండాలి. నానమ్మకు ఉప్పెన అని తెలియదు. ఎన్ని అడుగుల ఎత్తున లేచిందో, ఎన్ని ఊళ్లు మునిగాయో తెలియదు. కాళ్లకు నీళ్లు తగిలాయి. పెదాలకు ఉప్పు తగిలింది. తెలిసినవి అవే రెండు, అందుకే రెండే రాశాం. సముద్రం అన్న మాట మనం వాడలేదు, పాఠకుడే వాడుకుంటాడు. వాడంతట వాడు ఆ మాట దగ్గరికి చేరినప్పుడు కలిగే వణుకు, మనం చెప్పేస్తే కలగదు. ఉప్పెన ఎత్తు, తీరం దాటిన వేళ, మృతుల సంఖ్య అన్నీ రాయవలసినవే. ఇంకో పేజీలో, తీరిగ్గా, మధ్యరకం వాక్యాల్లో రాయండి.

చిన్న వాక్యం తర్వాత చాలామంది చేతులు ఆగవు. ‘గుండె ఆగినంత పనైంది’, ‘కాళ్ల కింద భూమి కదిలిపోయినట్లయింది’, ‘నిశ్చేష్టురాలైపోయింది’ అని రాసేస్తారు. అదంతా పాఠకుడి వాటా. అతను పడవలసిన పాటు మనం పడి చూపిస్తే అతనికి చెయ్యడానికేమీ మిగలదు. మూడు చుక్కలు, రెండు మూడు ఆశ్చర్యార్థకాలు కూడా ఇంతే. ‘నీళ్లొచ్చాయి...!!’ అని రాసినప్పుడు వినపడేది నీళ్ల చప్పుడు కాదు, రాసినవాడి కేక. పూర్ణవిరామం చాలు.

తెలుగులో పొట్టితనాన్ని మాటలు లెక్కపెట్టి తేల్చడం కుదరదని కూడా ఇక్కడ చెప్పాలి. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి. ‘కొట్టుకుపోయినట్లున్నాడు’ ఒకే మాట, పలికితే తొమ్మిది అక్షరాలు. ‘తాతయ్య రాలేదు’ రెండు మాటలు, ఆరే అక్షరాలు. చెవికి రెండోదే పొట్టిది. పైగా మొదటిదానిలో ‘అట్లున్నాడు’ అన్న ఊహ కూడా చేరి దెబ్బను మెత్తన చేసింది. అందుకని ఉలికిపాటు వాక్యంలో సాదా క్రియలు ఎంచుకోండి. వచ్చింది, రాలేదు, లేడు, పడింది. తెలుగు క్రియ తన కర్తను తనలోనే మోసుకు తిరుగుతుంది. ‘లేడు’ అనగానే మగవాడని, ఒక్కడని తెలిసిపోతుంది. ఒక్క మాట నిండు వాక్యం కాగలగడం మన భాషకున్న పెద్ద సదుపాయం.

ఇక్కడిదాకా వచ్చాక అసలు చిక్కు ఎదురవుతుంది. సంస్మరణ రాస్తున్నప్పుడు మనిషి పోయాడని పాఠకుడికి ముందే తెలుసు. అట్ట మీద ఫొటో ఉంటుంది, కింద రెండు తేదీలుంటాయి. దివిసీమ, 1977 అని చదవగానే కథ ఎటు పోతోందో అర్థమైపోతుంది. అలాంటప్పుడు ‘తాతయ్య చనిపోయాడు’ అని ఎంత పొట్టిగా రాసినా ఉలికిపాటు పుట్టదు. చిన్న వాక్యాన్ని అక్కడ వృథా చేసుకోకండి. పాఠకుడికి తెలియనిది ఎక్కడుందో వెతకండి. చావు అందరికీ తెలుసు. పలుపు సంగతి ఎవరికీ తెలియదు.

“నానమ్మ పిల్లల్ని ఒకర్ని భుజానా ఒకర్ని చంకనా వేసుకుని అటక మీదికి ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. దూలం పట్టుకుని, చీకట్లో కింద ఏవేవో గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు వింటూ, పేరు పెట్టి పిలవకూడదన్న అలవాటు కూడా మరిచిపోయి మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తూ, తెల్లవార్లూ అక్కడే ఉంది. నీళ్లు తగ్గాక ముందుగా సావిడి వైపే నడిచింది. కప్పు లేదు. ఒక పక్క గోడ మాత్రం నిలబడి ఉంది, ఆ గోడవార పాతిన గుంజకు రెండు పలుపులూ వేలాడుతున్నాయి. తెగలేదు. ముడులు విప్పి ఉన్నాయి.”

తాతయ్య పోయాడని ఈ పేరాలో ఎక్కడా లేదు. ఆయన చివరి పని ఏమిటో మాత్రం ఉంది. కోసేస్తే రెండు నిమిషాల్లో బయటపడేవాడేమో. ఆ లెక్క పాఠకుడు వేసుకుంటాడు, నానమ్మ బతికినంత కాలం వేసుకునే ఉంటుంది. ఆ లెక్కను మనం కాగితం మీద వెయ్యకూడదు. ‘నా మాట విన్నందుకే ఆయన పోయాడని ఆమె కుమిలిపోయింది’ అని ఒక్క వాక్యం చేర్చండి, పేరా మొత్తం వాలిపోతుంది.

పొడవుల్ని చూడండి. రాత్రంతా ‘వింటూ’, ‘పిలుస్తూ’ అంటూ శత్రర్థకాల మీద సాగింది. క్త్వార్థకం ఒక పని అయ్యాక ఇంకోదానికి దూకుతుంది, శత్రర్థకం ఉన్నచోటే ఉండి కాలాన్ని సాగదీస్తుంది. పరుగు రాయాలంటే మొదటిది, ఎదురుచూపు రాయాలంటే రెండోది. ఆ తర్వాత ‘కప్పు లేదు’ అన్నది పొట్టి వాక్యమే, కానీ అసలు దెబ్బ అది కాదు. దాని వెనక మళ్లీ ఒక మధ్యరకం వాక్యం పెట్టి చూపును గుంజ దాకా నడిపించాం. చూపు అక్కడ ఆగాకే ‘తెగలేదు’ అన్నాం. ఈసారి దాన్ని విడి పేరాగా పెట్టలేదు. ‘నీళ్లొచ్చాయి’ని ఒంటరిగా నిలబెట్టాం కాబట్టి ఇక్కడా అదే చేస్తే పాఠకుడికి మన కిటుకు కనిపిస్తుంది. ఒక అధ్యాయంలో ఒంటరి వాక్యం ఒకటి చాలు, మహా అయితే రెండు.

పొడుగు తర్వాత పొట్టి అన్న ఈ నడక మన చెవికి కొత్తది కాదు. సీస పద్యం నాలుగు పెద్ద పాదాలు నడిచాక దాని కింద తేటగీతో ఆటవెలదో రావలసిందే, అది లేనిదే సీసం పూర్తి కాదు. పెద్ద పాదాల్లో పరుచుకున్నది ఆ చిన్న పాదాల్లోకి వచ్చి దగ్గరపడుతుంది. నాటకాల్లో పద్యాలు విన్నవాళ్లకు ఆ మార్పు ఎక్కడ వస్తుందో ఒంటికే తెలుస్తుంది. వచనంలో అలాంటి నియమం లేదు కాబట్టి ఎక్కడ మార్చాలో మన తీర్పు మీద ఆధారపడి ఉంటుంది.

మాటల ద్వారా వచ్చే ఉలికిపాటుకు ఇంకో జాగ్రత్త కావాలి. ఇప్పటి కాలంలో చెడు కబురు ఎక్కువగా ఫోన్లోనే వస్తోంది. దాన్ని ఇలా రాస్తారు: “నాన్న పోయాడ్రా” అని అన్నయ్య ఏడుస్తూ ఫోన్లో చెప్పాడు. కబురు ముందు పడిపోయింది, దాని వెనక ‘అని’ మొదలుకుని ఐదు మాటల తోక ఉంది. పాఠకుడు దెబ్బ తిన్నాక కూడా వాక్యం ముగిసేదాకా నడవాలి. చివరికి మిగిలింది ‘చెప్పాడు’. తెలుగులో ‘అని’ మాటను మూసే తలుపు లాంటిది, అందుకే కబురును దాని అవతల వదలకూడదు. చెప్పినవాణ్ని ముందుకు తెచ్చేస్తే సరిపోతుంది. నేను బండి తాళాలు వెతుక్కుంటూ, పాలవాడి బాకీ అమ్మకు గుర్తు చేస్తూ, మోగుతున్న ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. అన్నయ్య. “నాన్న పోయాడ్రా.” అంతే, తోక లేదు. ఏడ్చాడా లేదా అన్నది ఆ చివరి అక్షరంలోనే ఉంది.

అన్ని దుఃఖాలకూ ఈ పద్ధతి నప్పదు. నెలల తరబడి మంచంలో ఉన్న మనిషి పోయినప్పుడు ఇంట్లో ఉలికిపాటు ఉండకపోవచ్చు. రోజూ కొంచెం కొంచెంగా తెలుస్తూ వచ్చింది, చివరిరోజు తెలిసిందే మళ్లీ తెలిసింది. దాన్ని చిన్న వాక్యంతో ఠప్పున కొడితే అబద్ధమవుతుంది. అక్కడ మందుల వేళలు, మారిన పక్కబట్టలు, తగ్గుతూ వచ్చిన అన్నం ముద్దలు అన్నీ ఒకే పొడుగు వాక్యంలో పోనిచ్చి, చావు కూడా ఆ వరుసలోనే ఒక పనిలా వచ్చి వెళ్లేటట్లు రాయడమే నిజం. మొదట్లో మనవడి వాక్యంలో తప్పన్నది ఇక్కడ ఒప్పవుతుంది. తేడా పాఠకుడికి తెలియాలంటే మీకు ముందు తెలియాలి. ఆ క్షణం మీ మీద వచ్చి పడిందా, మీతో పాటు నడిచి వచ్చిందా?

రాసింది సరిచూసుకోవడానికి పెన్సిలు చాలు. ప్రతి వాక్యం పక్కన అందులో ఎన్ని క్రియలున్నాయో అంకె వెయ్యండి, ముగిసినవీ ముగియనివీ అన్నీ కలిపి. మనవడి రెండో ప్రయత్నంలో అంకెలన్నీ ఒకటే: ఒకటి, ఒకటి, ఒకటి. మూడోదానిలో పెద్ద అంకె పక్కనే ఒకటి కనిపిస్తుంది. అలా ఒకటి పడిన ప్రతిచోటా ఆగి, అక్కడ నిజంగా ఏమైనా విరిగిందా అని అడగండి. ఏమీ విరగకపోతే దాన్ని పక్క వాక్యంలో కలిపెయ్యండి. తర్వాత ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, మీరు చదవకుండా వాళ్లచేత పైకి చదివించండి. రాసినవాడు చదివితే గొంతుతో లోపాలు కప్పేస్తాడు. కథ తెలియనివాళ్లు చదివేటప్పుడు చిన్న వాక్యం దగ్గర వాళ్లంతట వాళ్లు ఒక్క క్షణం ఆగితే అది సరైన చోట పడినట్టు. ఆగకుండా దాటిపోతే చిన్న వాక్యాన్ని ముట్టుకోకండి, దాని ముందున్న వాక్యాన్ని మళ్లీ రాయండి. చాలాసార్లు అది ఉండవలసినంత పొడుగ్గా ఉండదు, లేదా జరగబోయేది అందులోనే బయటపడిపోయి ఉంటుంది.